తలుపుకు అతికించిన సమన్లు, తెలియకుండా అయిన ఎక్స్‌పార్టే డిక్రీ: ఎట్లా రద్దు చేయించుకోవాలి?

"మాది వరంగల్ కొత్తవాడ. 2019 నుంచి భివండిల పవర్‌లూమ్ పని చేస్తున్న, భార్యా పిల్లలు కూడా ఇక్కడ్నే. ఊర్ల ఇంటికి తాళం, అమ్మ నర్సంపేటల అక్క దగ్గర ఉంటది. 2021 జూన్‌ల ఊరికి వచ్చినప్పుడు ఒకాయన దగ్గర రెండు లక్షలకు ప్రోనోటు రాసిన, రెండు రూపాయల మిత్తి. కొంత ఫోన్‌పేల కట్టిన. ఆయన 2024 ఫిబ్రవరిల దావా వేసిండట, ఆగస్టు 12న ఎక్స్‌పార్టే డిక్రీ అయిందట. నా చేతికి ఒక్క కాయితం రాలే. 2025 నవంబర్ 18న అమీను వచ్చి ఇంటికి జప్తు నోటీసు అతికిచ్చిపోయిండని పక్కింటాయన ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. 15 నెలలు దాటింది. ఇప్పుడు ఏమన్న చేయొచ్చునా?"

చేయొచ్చు. ఎక్స్‌పార్టే డిక్రీ అంటే ప్రతివాది కోర్టుకు రాకుండానే వాదికి అనుకూలంగా ఇచ్చిన డిక్రీ. దాన్ని రద్దు చేయమని, డిక్రీ ఇచ్చిన కోర్టులోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేయాలి. పదిహేను నెలలు దాటిందని మీరు భయపడుతున్నారు గానీ, నిజంగా చూసుకోవాల్సిన లెక్క వేరే ఉంది. మీకు తెలిసింది నవంబర్ 18న కాబట్టి డిసెంబర్ 18 లోపు పిటిషన్ కోర్టులో పడాలి. ఇంట్లో ఎవరో సెలవుపై వస్తారనో, డిక్రీ నకలు రావాలనో ఆ రోజు దాటనీయకండి. ఎందుకో కింద చెప్తాను.

రూల్ 13 కింద డిక్రీ రద్దు చేయడానికి ఉన్నవి రెండే కారణాలు. ఒకటి, సమన్లు సరిగ్గా అందలేదు. రెండు, సమన్లు అందినా వాయిదా రోజు రాలేకపోవడానికి తగిన కారణం ఉంది. ఈ రెండూ వేర్వేరు. చాలా పిటిషన్లు ఓడిపోయేది ఇక్కడే. మొదటి పేరాలో "నాకు సమన్లే రాలేదు" అని రాస్తారు, మూడో పేరాలో "వాయిదా రోజు జ్వరంతో పడుకున్నాను" అంటారు. సమన్లు రానివాడికి వాయిదా ఎట్లా తెలిసిందని అవతలి వకీలు ఒక్క ప్రశ్న అడిగితే పిటిషన్ మొత్తం కూలిపోతుంది. కామెర్ల సర్టిఫికెట్ సంగతి అసలే వద్దు. మన కోర్టుల్లో ఎక్స్‌పార్టే పిటిషన్లలో కనిపించినన్ని కామెర్లు ఎంజీఎం వార్డుల్లో కూడా ఉండవు, జడ్జీలకు ఆ కాగితం చూడగానే విసుగు వస్తుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి కారణం. దాని మీదే నిలబడండి.

అయితే మీ మాట ఒక్కటే చాలదు. ముందు దావా ఫైలులో ఏముందో చూడాలి. ఫోన్‌లో services.ecourts.gov.in తెరిచి జిల్లా, కోర్టు ఎంచుకుని మీ పేరుతో వెతికితే దావా నంబరు అంటే ఓ.ఎస్. నంబరు, ఏ వాయిదాన ఏం జరిగింది, డిక్రీ అమలు చేయమని వాది వేసిన ఈపీ ఎప్పటికి ఉంది, ఇవన్నీ కనిపిస్తాయి. కానీ సమన్లు ఎట్లా అందించారన్నది అందులో ఉండదు. దానికి హన్మకొండ కోర్టుల ప్రాంగణంలోనో, దావా నడిచిన కోర్టు ఎక్కడుంటే అక్కడో వకీలు ద్వారా రికార్డు చూసుకునేందుకు దరఖాస్తు పెట్టించి, సమన్ల వెనక ప్రాసెస్ సర్వర్ రాసిన రిపోర్టు, రిజిస్టర్డ్ పోస్టు కవరు, ప్రతి వాయిదాన జరిగింది రాసే డాకెట్ షీటు చదివించాలి. ఈ మూడింటికీ సర్టిఫైడ్ కాపీలకు కూడా దరఖాస్తు పెట్టండి. మీ కేసు బతికేదీ చచ్చేదీ ఆ రిపోర్టు మీదే.

ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకు అతికించవచ్చని ఆర్డర్ 5 రూల్ 17 చెబుతుంది. కానీ వచ్చీ రాగానే అతికించి వెళ్లిపోవడం కాదు. మనిషి కోసం తగిన ప్రయత్నం చేసి ఉండాలి. తొందరలో ఇంటికి వచ్చే అవకాశం లేదని తేలాలి. అతని తరఫున సమన్లు తీసుకోదగ్గవాళ్లు ఎవరూ ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అతికించే ఇల్లు ఆ మనిషి మామూలుగా నివసించే ఇల్లో, వ్యాపారం చేసుకునే చోటో అయ్యుండాలి. తర్వాత ప్రాసెస్ సర్వర్ ఎప్పుడు, ఏ పరిస్థితిలో అతికించాడో రాయాలి. ఇల్లు చూపించినవాళ్ల పేరు, అడ్రసు, ఎవరి ముందు అతికించాడో కూడా రాయాలి. ఆ రిపోర్టుకు అతని అఫిడవిట్ లేకపోతే రూల్ 19 ప్రకారం కోర్టు అతన్ని ప్రమాణం మీద విచారించి తీరాలి. అఫిడవిట్ ఉంటే విచారించడం కోర్టు ఇష్టం. ఆ తర్వాతే సమన్లు సరిగ్గా అందినట్టు కోర్టు తేల్చాలి.

ఇక మామూలుగా ఫైళ్లలో కనిపించే రిపోర్టు ఎట్లా ఉంటుందంటే: "ప్రతివాది ఇంటికి వెళ్లగా తాళం వేసి ఉన్నది. ఇరుగుపొరుగు వారిని విచారించగా ఊరిలో లేడని తెలిపినారు. కావున తలుపుకు అతికించి వాపసు చేయుచున్నాను." ఒకసారి నెమ్మదిగా చదవండి. ఏ తేదీన ఎన్నిసార్లు వెళ్లాడో లేదు. ఇరుగుపొరుగు అంటే ఎవరో పేరు లేదు. ఇల్లు ఎవరు చూపించారో లేదు. సాక్షి సంతకం లేదు. అన్నిటినీ మించి, ఊరిలో లేడని అతనే రాశాడు. ఎక్కడికి పోయాడు, ఎప్పుడొస్తాడు అని అడిగినట్టు ఒక్క ముక్క లేదు. మీ ఫైలులో ఉన్నది ఇట్లాంటి రిపోర్టు అయితే మీ పిటిషన్‌కు అదే మొదటి ఆధారం, పైగా అవతలివాళ్ల కాగితమే. అందులో పొరుగువారి పేరు రాసి ఉంటే, మీకు ఫోన్ చేసిన పక్కింటాయనే అయ్యుండొచ్చు, ఆయన్ని కలిసి అప్పుడు నిజంగా ఎవరైనా వచ్చారా అని కనుక్కోండి. వచ్చారని ఆయన అంటే దాన్ని దాచిపెట్టి పిటిషన్ వేయొద్దు. ఆయన్నే అవతలివాళ్లు సాక్షిగా పిలుస్తారు.

పోస్టు కవరు మీద రాసింది కూడా చూడండి. "తలుపు తాళం" అనో, "వెళ్లిపోయారు" అనో ఉంటే మీకు మేలు. "తీసుకోవడానికి నిరాకరించారు" అని ఉంటే మాత్రం చట్టం దాన్ని అందినట్టే లెక్కేస్తుంది. ఆ ఊహను తప్పని నిరూపించే భారం మీ మీద పడుతుంది. ఆ రోజు మీరు భివండిలో ఉన్నారని చూపితే, లేని మనిషి ఎట్లా నిరాకరిస్తాడని అడగొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, సంతకం పెట్టి తీసుకుంటే రూల్ 15 ప్రకారం చెల్లుతుంది. కానీ వాళ్లు మీతో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులై ఉండాలి. ఇంటికి కాపలా ఉన్నవాళ్లో, పనిమనిషో తీసుకుంటే ఆ లెక్కలోకి రాదు.

కొన్ని ఫైళ్లలో ఇవన్నీ కుదరక పేపర్ ప్రకటన ఇచ్చి ఉంటారు. ఆర్డర్ 5 రూల్ 20 ప్రకారం ఆ ప్రకటన అయితే చాలు, దావా ముందుకు పోతుంది. కానీ గడువు లెక్కకు వచ్చేసరికి లిమిటేషన్ చట్టంలోని 123వ ఆర్టికల్ కింద ఉన్న వివరణ, అట్లాంటి ప్రకటనను సరిగ్గా అందిన సమన్లుగా చూడకూడదంటుంది. అంటే మీకు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచే 30 రోజులు మొదలవుతాయి. భివండిలో ఉన్నవాడికి వరంగల్ ఎడిషన్‌లో వేసిన ప్రకటన ఎవరు చూపిస్తారు? దీన్ని మర్చిపోయి, పేపర్లో వేశారు కదా ఇక అయిపోయిందని వదిలేసినవాళ్లు ఎంతోమంది.

ఇప్పుడు రోజుల లెక్క. ఆర్టికల్ 123 ప్రకారం గడువు 30 రోజులే. సమన్లు అందినవాడికి ఆ 30 రోజులు డిక్రీ తేదీ నుంచి, అందనివాడికి డిక్రీ సంగతి తెలిసిన తేదీ నుంచి. మొదటి రోజును వదిలేసి లెక్కించాలి. మీకు తెలిసింది నవంబర్ 18న కాబట్టి డిసెంబర్ 18 చివరి రోజు. ఇక్కడ ఒక చిక్కుంది. అప్పీలు వేసేవాళ్లకు సర్టిఫైడ్ కాపీ తయారు కావడానికి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. రూల్ 13 పిటిషన్‌కు ఆ వెసులుబాటు లేదు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 12లో ఈ పిటిషన్ పేరు లేదు. అందుకే నకలు వచ్చాక చూద్దామని కూర్చోవద్దన్నాను. నకలు దరఖాస్తు ఒకవైపు నడుస్తుంది, పిటిషన్ మరోవైపు వేసేయాలి.

లెక్క ఇంత తేలిగ్గా ఉంటే గొడవే లేదు. సమన్లు సరిగ్గానే అందాయని కోర్టు రేపు తేల్చిందనుకోండి. అప్పుడు గడువు డిక్రీ తేదీ నుంచి మొదలవుతుంది. ఆగస్టు 12 నుంచి 30 రోజులంటే 2024 సెప్టెంబర్ 11తో ముగిసింది. మీరు పిటిషన్‌ను 2025 డిసెంబర్ 8న వేస్తే 453 రోజులు ఆలస్యం. ఆ ఆలస్యాన్ని మాఫీ చేయమని పిటిషన్ వేసి ఉండకపోతే అక్కడితో కథ ముగుస్తుంది. అందుకని రూల్ 13 పిటిషన్‌తో పాటే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ పిటిషన్ కూడా వేయండి. అందులో "నాకు తెలిసింది నవంబర్ 18న, ఆ లెక్కన ఆలస్యం లేదు. ఒకవేళ కోర్టువారు డిక్రీ తేదీ నుంచి లెక్కించినట్లయితే 453 రోజుల ఆలస్యాన్ని మన్నించవలసింది" అని స్పష్టంగా రాయించండి. ఈ పిటిషన్ వేస్తే ఆలస్యం ఒప్పుకున్నట్టు అవుతుందని కొందరు వకీళ్లు వెనకాడతారు. పైన చెప్పినట్టు రాస్తే ఆ భయం ఉండదు. రోజుల సంఖ్య మాత్రం అఫిడవిట్‌లోనూ పిటిషన్‌లోనూ ఒకటే ఉండాలి. ఒకచోట 453, ఇంకోచోట 435 అని పడితే ఆఫీసువాళ్లు అభ్యంతరం రాసి వెనక్కి ఇస్తారు. వాళ్లిచ్చిన గడువులో సరిచేసి తిరిగి వేయకపోతే, ఆ తిరిగి వేయడంలో అయిన ఆలస్యానికి ఇంకో పిటిషన్ కావాలి. పేజీల మధ్య చిన్న అంకె తప్పుకు ఇట్లా నెలలు పోతాయి.

మొత్తానికి కోర్టులో పడాల్సినవి: వకాలత్, ఆలస్యం మాఫీ పిటిషన్, రూల్ 13 పిటిషన్, ఈపీ ఆపమని స్టే పిటిషన్. ఒక్కోదానికి విడి అఫిడవిట్ ఉండాలి. వీటితో పాటు జవాబు దావా కూడా. జవాబు దావా ఇప్పుడే వేయాలని రూల్ 13 అడగదు. అయినా వేయించండి. డిక్రీ రద్దు చేస్తే ఈ మనిషి నిజంగా పోరాడతాడా, లేక ఇంకో ఏడాది సాగదీయడానికి వచ్చాడా అన్నది జడ్జి మనసులో ఉండే ప్రశ్న. టేబుల్ మీద జవాబు దావా ఉంటే ఆ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. మీరు ఫోన్‌పేలో కట్టిన ప్రతి పైసాకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి దాంతో జతచేయండి. ప్రోనోటు మీద సంతకం మీదే అయితే అది కాదనొద్దు. డబ్బు ముట్టిందనే చట్టం ముందుగా ఊహిస్తుంది కాబట్టి, మీకు బలం కట్టిన లెక్కలోనే ఉంది. ఒక్క లెక్క చూడండి: రెండు లక్షలకు రెండు రూపాయల మిత్తి చొప్పున నెలకు 4,000. 2021 జూన్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా 32 నెలలు, అంటే 1,28,000. అసలుతో కలిపి దావా మొత్తం 3,28,000 దాకా అయి ఉంటుంది. మీరు కట్టిందేదీ అందులో తీసేయలేదంటే జవాబు దావాకు అదే ప్రాణం.

సంతకాల కోసం మీరు వరంగల్ రానవసరం లేదు. అఫిడవిట్లను భివండిలో నోటరీ ముందు సంతకం చేసి పంపొచ్చు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు అక్కడి భారత కాన్సులేట్‌లో చేయించుకుంటారు. మీకు తెలుగు తప్ప రాకపోతే అఫిడవిట్ తెలుగులోనే రాయించండి. చదవకుండా సంతకం పెట్టిన ఇంగ్లీషు అఫిడవిట్ మీద క్రాస్‌లో, అంటే అవతలి వకీలు ప్రశ్నించేటప్పుడు, మూడు ప్రశ్నలు అడిగితే చాలు, "అందులో ఏముందో నాకు తెల్వదు" అనేస్తారు.

అఫిడవిట్ ఎట్లా ఉండాలో ఒక్క పేరా చూపిస్తాను. ఇట్లా వద్దు: "నాకు దావా విషయం తెలియదు. నేను కావాలని గైర్హాజరు కాలేదు. నాకు దావాలో గట్టి రక్షణ కలదు." ఇందులో ఒక్క తేదీ లేదు. ఇట్లా రాయించండి: "నేను 2019 నుంచి భివండిలో ఫలానా అడ్రసులో అద్దెకుంటూ ఫలానా చోట మగ్గం పని చేస్తున్నాను. సమన్లు అతికించినట్టు చెప్పే తేదీన నేను గానీ, నా భార్య గానీ కొత్తవాడ ఇంట్లో లేము. మా అమ్మ నర్సంపేటలో ఉంటుంది. 18-11-2025 సాయంత్రం మా పక్కింటివారు ఫోన్ చేసి జప్తు నోటీసు గురించి చెప్పగా, అప్పుడే మొదటిసారి డిక్రీ సంగతి తెలిసింది. మర్నాడు వకీలును సంప్రదించి రికార్డు చూపించుకున్నాను." ప్రతి వాక్యానికీ ఒక కాగితం చూపించగలగాలి. అద్దె ఒప్పందం, యజమాని ఇచ్చే పని పత్రం లేదా జీతం చీటీలు, పిల్లల స్కూలు బోనఫైడ్, అక్కడి గ్యాస్ లేదా కరెంటు బిల్లు, ఆ వారంలో భివండిలో చేసిన ఫోన్‌పే, ఏటీఎం లావాదేవీలు. సమన్లు అతికించిన తేదీకి అటూ ఇటూ ఉన్న పదిహేను రోజుల స్టేట్‌మెంట్ వీటన్నిటికంటే గట్టిది. నవంబర్ 18 నాటి కాల్ రికార్డును ఫోన్‌లోంచి పోకముందే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, పక్కింటాయనతో అఫిడవిట్ కూడా ఇప్పించండి.

క్రాస్‌లో ఏమడుగుతారో ఇప్పుడే ఆలోచించుకోండి. ఆధార్, ఓటరు కార్డు కొత్తవాడ అడ్రసు మీద ఉన్నాయా? ఉన్నాయి. అయితే మీ ఇల్లు అదే కదా? ఇంటి అడ్రసు ఉండటం వేరు, అక్కడ కాపురముండటం వేరు. రూల్ 17 అడిగేది రెండోదాన్ని. మేడారం జాతరకు వచ్చారా? 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, మీ మీద దావా పడిందీ ఆ నెలలోనే. దసరాకు, సద్దుల బతుకమ్మకు వచ్చారా? వచ్చి ఉంటే వచ్చానని తేదీలతో అఫిడవిట్‌లోనే చెప్పేయండి, రైలు టికెట్టు ఉంటే పెట్టండి. సమన్లు అతికించింది మార్చిలో, మీరు తిరిగి వెళ్లింది ఫిబ్రవరి చివర్లో అయితే ఆ నిజమే మీకు అండ. దాచిపెట్టి తర్వాత దొరికిపోతే మిగిలిన నిజాలూ అబద్ధమైపోతాయి.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: లాయర్ నోటీసు అందిందా, అప్పిచ్చినాయన ఫోన్లో కోర్టుకెక్కానని చెప్పాడా? రూల్ 13కు 1976లో చేర్చిన ఒక షరతు ప్రకారం, సమన్లు అందించడంలో లోపం ఉన్నా, వాయిదా తేదీ ప్రతివాదికి తెలిసి, వచ్చేంత సమయం ఉందని తేలితే డిక్రీ రద్దు కాదు. దీన్ని సరిగ్గా అర్థం చేసుకోండి. అప్పు గొడవ ఉందని తెలియడం, లాయర్ నోటీసు రావడం, పెద్దమనుషుల దగ్గర మాట్లాడుకోవడం, ఇవేవీ వాయిదా తేదీ తెలిసినట్టు కావు. కానీ "ఫలానా తారీఖు కోర్టుకు రా" అని ఆయన వాట్సాప్‌లో సమన్ల ఫొటో పెట్టి, మీకు నీలిరంగు టిక్కులు పడి ఉంటే కష్టం. మీ ఫోన్‌లో ఆయన నంబరుతో జరిగిన చాట్ మొత్తం వకీలుకు ముందే చూపించండి.

ఈపీని విడిగా చూసుకోవాలి. రూల్ 13 పిటిషన్ వేయగానే ఈపీ దానంతట అదే ఆగదు. స్టే పిటిషన్‌ను ముందు విచారించమని అడిగి, ఆర్డరు తెచ్చి, ఈపీ ఫైలులో మెమోతో పెట్టాలి. అందులో ఆలస్యమైతే జప్తు తర్వాత వేలం ప్రకటన, ఆ తర్వాత వేలం. ఇల్లు వాదే పాడుకుంటే తర్వాత డిక్రీ రద్దయినప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 144 కింద వెనక్కి రాబట్టుకోవచ్చు. బయటి మనిషి ఎవరో కోర్టు వేలంలో మంచి నమ్మకంతో కొనుక్కుని, అమ్మకం ఖరారయితే ఆ ఇల్లు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. డబ్బు కోసం వాది మీద పడాల్సిందే. స్టే ఇచ్చేటప్పుడు కొంత డిపాజిట్ చేయమని కోర్టు అనొచ్చు, సిద్ధంగా ఉండండి.

విచారణ ఇట్లా సాగుతుంది. ఆర్డర్ 9 రూల్ 14 ప్రకారం వాదికి నోటీసు వెళ్లకుండా డిక్రీ రద్దు కాదు. నోటీసు పంపే ఖర్చు, అంటే బత్తా కట్టి నోటీసు పంపాలి, ఆయన జవాబుగా కౌంటర్ వేస్తాడు. ముందు ఆలస్యం పిటిషన్ తేలుతుంది, తర్వాత రూల్ 13. అవసరమైతే మీ సాక్ష్యం నమోదవుతుంది, ప్రాసెస్ సర్వర్‌ను కూడా పిలిపించి అడగొచ్చు. పైన చెప్పిన లోపాలన్నీ అప్పుడే అతని నోటితో రాబట్టాలి. "ఎన్నిసార్లు వెళ్లారు, ఇల్లు ఎవరు చూపారు, ప్రతివాది ఎక్కడున్నాడని అడిగారా" అన్న మూడు ప్రశ్నలు చాలు.

అనుకూలంగా వచ్చినా ఆర్డరులో సాధారణంగా షరతు ఉంటుంది, ఖర్చుల కింద ఇంత కట్టమనో, డిక్రీ మొత్తంలో కొంత డిపాజిట్ చేయమనో. రూల్ 13లోనే కోర్టుకు ఆ అధికారం ఉంది. మీ లెక్కన సగం అంటే 1,64,000 పైనే. కట్టిన రుజువులు ముందే పెట్టి ఉంటే తక్కువ అడగమని వాదించొచ్చు. షరతు గడువు తప్పితే పిటిషన్ కొట్టివేసినట్టే అని ఆర్డరులో రాసే అవకాశం ఎక్కువ, ఆ తారీఖును గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. చేతిలో డబ్బు లేకపోతే గడువు అయ్యేలోపే సెక్షన్ 148 కింద పొడిగింపు అడగాలి. దానికీ పరిమితి ఉంది, ఆ సెక్షన్‌లో రాసినదాని ప్రకారం మొత్తం మీద 30 రోజులు.

ఓడిపోతే ఎక్కడికి పోవాలో కూడా తెలిసుండాలి. రూల్ 13 పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ 43 రూల్ 1(డి) కింద పై కోర్టులో 30 రోజుల్లోపు అప్పీలు ఉంది, దాన్నే మన దగ్గర సీఎంఏ అంటారు. ఆలస్యం పిటిషన్ దగ్గరే కొట్టేస్తే హైకోర్టులో రివిజన్ వేయడం మన దగ్గర వాడుక.

ఇక్కడ ఒక గుంట ఉంది, అందులో పడకండి. డిక్రీ మీద నేరుగా సెక్షన్ 96 అప్పీలు కూడా వేసుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. వేయొచ్చు, చట్టంలో ఉంది. కానీ అప్పీలులో మాట్లాడాల్సింది వాది చూపిన సాక్ష్యం డిక్రీకి సరిపోతుందా అన్నదే. మీ ఫోన్‌పే లెక్కలు అక్కడి రికార్డులో లేవు. పైగా ఆ అప్పీలు తేలిపోతే, వెనక్కి తీసుకోవడం తప్ప మరే కారణంతో ముగిసినా, రూల్ 13 తలుపు మూసుకుపోతుంది. గడువు దాటిందని అప్పీలు కొట్టేసినా అంతేనని 2004లో సుప్రీంకోర్టు శ్యామ్‌సుందర్ శర్మ కేసులో చెప్పింది. అదే సంవత్సరం భానుకుమార్ జైన్ కేసులో రెండూ ఒకేసారి వేసుకోవచ్చని, రూల్ 13 పిటిషన్ ఓడిపోయినా అప్పీలులో డిక్రీ మంచిచెడ్డలు వాదించుకోవచ్చని కూడా చెప్పింది. ఎక్స్‌పార్టే చేయడం తప్పన్న మాటను మాత్రం అక్కడ మళ్లీ తవ్వలేరు. మీలాంటివారికి ముందు రూల్ 13, దాని ఫలితాన్ని బట్టి మిగతావి.

డిక్రీ రద్దయితే దావా మళ్లీ పాత నంబరుతోనే ఫైలుకు ఎక్కుతుంది, ఈపీకి కాళ్లు ఉండవు, జప్తు పోతుంది. అప్పుడు మొదట చేయాల్సింది మీ భివండి అడ్రసు, ఫోన్ నంబరు మెమో రూపంలో కోర్టులో ఇవ్వడం. తర్వాత వకీలుతో పాటు మీరు కూడా ఈకోర్ట్స్ యాప్‌లో కేసును సేవ్ చేసుకుని ప్రతి వాయిదా చూసుకోవాలి. రెండోసారి గైర్హాజరై మళ్లీ డిక్రీ అయితే, తలుపుకు అతికించారన్న వాదన ఇక పనికిరాదు. వాయిదా మీకు తెలుసు.